ముప్పై రోజుల మాట

మా అట్టపెట్టెల కంపెనీలో ఎవరికి ఏ కాగితం వెళ్ళినా అది ఉత్తరాలక్క చేతి మీదుగా వెళ్ళాల్సిందే. ఇరవై రెండేళ్ళ కిందట టైపిస్టుగా చేరింది. ఇప్పుడు ఆమె గుర్తింపు కార్డు మీద "అంతర్గత సమాచార అధికారి" అని ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా వెనక్కి తిరిగి చూడదు. ఆమె రాసినదాన్ని పేజీలో సర్ది, బొమ్మ పెట్టి, ప్రింటు తీసి, నోటీసు బోర్డుల మీద గుచ్చేది నేను. పన్నెండేళ్ళుగా ఇద్దరిదీ ఒకటే గది. ఆమె మంచితనం గురించి చెప్పమంటే రోజంతా చెబుతాను, కానీ ఇప్పుడు చెప్పబోయేది ఆమె రాసిన ఒక కాగితం గురించి. ఆ కాగితం వల్ల ఒక పెద్దావిడ తుంటి ఆపరేషన్ ఆగిపోయింది. అందులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంటుంది.

ఉత్తరాలక్క పని వినడానికి తేలిగ్గా ఉంటుంది. ఒకే సంగతిని రెండు సార్లు రాయాలి. నాలుగో అంతస్తులో కూర్చునే డైరెక్టర్లకు ఒక రకంగా, కింద షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళకు ఇంకో రకంగా. పైవాళ్ళకు ముందు నిర్ణయం కావాలి, తర్వాత కారణం కావాలి, చివర సంతకం పెట్టే చోటు కావాలి. కొత్తవాళ్ళకు అవేవీ అక్కర్లేదు. "నేనేం చెయ్యాలి, ఎప్పటిలోగా చెయ్యాలి, చెయ్యకపోతే ఏమవుతుంది, ఎవర్ని అడగాలి" అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితే చాలు. అందుకని వాక్యాలు పొట్టిగా అవుతాయి, "చేయవలసి ఉంటుంది" అన్నది "చేయండి" అవుతుంది, "ఆశ్రితులు" అన్నవాళ్ళు అమ్మానాన్నలూ పిల్లలూ అవుతారు.

దీనికి ఆమె పద్ధతి ఒకటుంది. పైవాళ్ళకు వెళ్ళిన కాగితాన్ని ప్రింటు తీసుకుని ఎర్ర పెన్సిలుతో కొన్ని మాటల చుట్టూ సున్నాలు చుడుతుంది. తేదీ, షరతు, షరతు తప్పితే పడే దెబ్బ. వాటిని మేకులు అంటుంది. 

"గోడకి రంగు ఎన్నిసార్లయినా మార్చుకో తమ్ముడూ. మేకు పీకావంటే పటం కిందపడుతుంది" అనేది. 

సున్నా చుట్టినవి తప్ప మిగతావన్నీ మార్చేసేది. చివర్లో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, మేకులన్నీ రెండో కాగితంలోకి వచ్చాయో లేదో నా చేత చదివించి సరిచూసేది. అలా పన్నెండేళ్ళుగా చూశాను. ఒక్క మేకు కూడా ఊడలేదు.

అలాంటి మా గదిలోకి నవ్వుల సారు వచ్చాడు. మా విభాగానికి కొత్త మేనేజరు. మనిషి చెడ్డవాడని నేనననుగాక అనను. పలకరిస్తాడు, పుట్టినరోజులు గుర్తుపెట్టుకుంటాడు. కానీ ఆయనకు ప్రతి వాక్యం చివరా ఒక నవ్వు ముఖం బొమ్మ ఉండాలి. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారం చివర "మీకు ఎలా అనిపించింది" అని ఒక సర్వే పెడతారు. ఆ సర్వేలో మార్కులు పెంచుతానని ఆయన నాలుగో అంతస్తులో మాటిచ్చి వచ్చాడట. ఇక చూసుకోండి మా తిప్పలు.

ఆ నెలలో ఇరవై ముగ్గురు కొత్తగా చేరుతున్నారు. కంపెనీ ఆరోగ్య బీమాలో నిబంధన మారింది. డైరెక్టర్లకు ఉత్తరాలక్క రాసిన కాగితం ఇది. నా దగ్గర ఇంకా ఉంది:

"కొత్తగా నియమితులైన ఉద్యోగులు విధుల్లో చేరిన తేదీ నుండి ముప్పై రోజులలోపు తమ ఆశ్రితుల వివరాలను నమోదు చేయవలసి ఉంటుంది. గడువులోగా నమోదు కాని ఆశ్రితులకు తదుపరి వార్షిక నమోదు వరకు బీమా వర్తించదు. బీమా సంస్థతో కుదిరిన ఒప్పందం మేరకు ఈ నిబంధన అమలు చేయబడుతుంది. ఆమోదం కోరడమైనది."

ఆమోదం ఒక్కరోజులో వచ్చింది. తర్వాత కొత్తవాళ్ళ కోసం ఆమె రాసిన మొదటి ప్రతి ఇది:

"మా దగ్గర చేరినందుకు సంతోషం. ఈ నెలలో మీరు తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. మీ అమ్మానాన్నలు, భార్య లేదా భర్త, పిల్లలు, వీళ్ళలో ఎవరికి ఆరోగ్య బీమా కావాలో వాళ్ళ పేర్లు మా దగ్గర రాయించండి. చేరిన రోజు నుంచి ముప్పై రోజులే గడువు. మీ ఆఖరి తేదీ ఈ కాగితం పైన పెద్ద అక్షరాల్లో ఉంది. అది దాటితే మళ్ళీ ఏడాది నమోదు మొదలయ్యేదాకా వాళ్ళకు బీమా రాదు. ఫారం నింపడానికి పది నిమిషాలు పడుతుంది. అర్థం కాకపోతే రెండో అంతస్తులో మా గదికి రండి, భోజనం వేళ కూడా ఎవరో ఒకరం ఉంటాం."

మీరే చెప్పండి, ఇందులో స్నేహానికి ఏం తక్కువైంది? నేనైతే చదివి, "అక్కా, దీనికి బొమ్మ కూడా అక్కర్లేదు" అన్నాను.

నవ్వుల సారు చదివి ముఖం అదోలా పెట్టాడు.

"బావుంది మేడం. కానీ ఈ ముప్పై రోజులే అనడం ఉందే, కొంచెం బెదిరిస్తున్నట్టుంది. మొదటి రోజే గడువులేంటండీ?"

"గడువుంది కాబట్టి సార్."

"ఉంది, ఉంది. కాదనను. కొంచెం వెచ్చగా చెబుదాం."

రెండో ప్రతిలో "ముప్పై రోజులే" అన్నది "ముప్పై రోజుల సమయం ఉంది" అయింది. దీనికి ఉత్తరాలక్క అభ్యంతరం చెప్పలేదు, మేకు ఉంది కదా అంది. మూడో ప్రతిలో "దాటితే రాదు" అన్నది మొదటి పేరాలోంచి చివరి పేరాలోకి దిగింది. నాలుగో ప్రతిలో చివరి పేరాలోంచి కాగితం అడుగున చిన్న అక్షరాల్లోకి దిగింది. అయిదో ప్రతిలో "వివరాలకు కంపెనీ వెబ్‌సైట్ చూడండి" అయింది. ఆఖరి తేదీ ముందే ఎగిరిపోయింది. పేజీ పైన తేదీ ఉంటే కరెంటు బిల్లులా ఉందట. ప్రతిసారీ ఆమె గోడకు చెప్పుకున్నట్టు చెప్పింది. షెడ్డులో పనిచేసేవాళ్ళకు కంప్యూటర్లు ఉండవంది. వాళ్ళు చూసేది ఈ ఒక్క కాగితమే అంది. స్నేహంగా చెప్పడమంటే నవ్వుతూ చెప్పడం కాదు సార్, అవతలివాళ్ళకి పనికొచ్చేలా చెప్పడం అని కూడా అంది. ఆయన ప్రతిదానికీ తల ఊపాడు. ఆయన తల ఊపితే ఒప్పుకున్నాడని కాదు, విన్నాడని కూడా కాదు.

ఆరోసారి ఆయన ఒక మాట అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

"మేడం, మీరేమీ అనుకోవద్దు. ఇన్నేళ్ళు పైవాళ్ళకి రాసీ రాసీ మీ చెయ్యి గట్టిపడిపోయినట్టుంది. కావాలంటే ఈ ఒక్కటీ నేను రాస్తా."

ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కొత్తవాళ్ళ కాగితాలు రాయడమంటే ఆమెకు ప్రాణం. తను చేరిన రోజు చేతిలో పెట్టిన నియామక పత్రం అర్థం కాక, ఎవర్ని అడగాలో తెలియక, మెట్ల మీద కూర్చుని ఏడ్చానని నాకు చాలాసార్లు చెప్పింది. ఇంకెవరూ అలా కూర్చోకూడదనే ఈ పని పట్టుకుంది. అలాంటి మనిషిని చెయ్యి గట్టిపడిందంటే ఏం చేస్తుంది? సీటులో కూర్చుంది. పది నిమిషాల్లో ఆరో ప్రతి రాసింది. ఎర్ర పెన్సిలు ముట్టుకోలేదు. నా చేత చదివించి సరిచూసుకోలేదు.

"కొత్త కుటుంబంలోకి స్వాగతం! మీతో పాటు మీ ఇంట్లోవాళ్ళ బాగోగులు కూడా మావే. మీ ఆత్మీయుల ఆరోగ్యానికి మా భరోసా ఉంది. తీరిక చూసుకుని ఒకసారి వచ్చి వాళ్ళ పేర్లు రాయించండి. మీ కోసం ఎదురు చూస్తుంటాం!"

నవ్వుల సారు చప్పట్లు కొట్టాడు. "ఇదీ! ఇదీ మేడం నేనడిగింది!" అన్నాడు. నేను చదివాను. తేదీ లేదని నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు, ఎందుకంటే శుక్రవారం సాయంత్రం, నాకు ఇంటికి వెళ్ళాలని ఉంది. పైగా పేజీ నాలుగు మూలలా పసుపు రంగు బుడగలు పెట్టాను. ఆ బుడగలు ఎవరూ పెట్టమనలేదు.

సర్వేలో మార్కులు పెరిగాయి. ఆ సంగతి నోటీసు బోర్డులో పెట్టింది కూడా నేనే.

చేరిన ముప్పై ఆరో రోజున ప్యాకింగ్‌లో చేరిన అమ్మాయి మా గదికి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. వేళ్ళకు అట్ట కోసుకుపోయిన గీతలు, చేతిలో మడతపెట్టిన పసుపు బుడగల కాగితం.

"మేడం, అమ్మ పేరు రాయించాలి. ఇవాళే ఒక పూట సెలవు దొరికింది. తీరిక చూసుకుని రమ్మన్నారు కదా" అంది.

ఉత్తరాలక్క ఆమె కార్డు చూసింది. చేరిన తేదీ చూసింది. తర్వాత చాలాసేపు కంప్యూటర్ తెర వైపు చూసింది. నా సీటు నుంచి ఆ తెర కనిపిస్తుంది, అందులో ఏమీ లేదు.

"అమ్మకి ఏమైనా బాగోలేదా అమ్మా?"

"తుంటి కీలు అరిగిపోయింది మేడం. మార్చాలన్నారు. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఎనిమిది నెలలైంది అమ్మ కిందికి దిగి. ఇక్కడ బీమా ఉందనే ఆ పాత ఉద్యోగం మానేసి వచ్చా."

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి అక్క ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గడువు ముప్పై రోజులని, అది ఆరు రోజుల కిందటే అయిపోయిందని, ఆ సంగతి కాగితంలో రాయలేదని, రాయనిది తనేనని. అమ్మాయికి కోపం రాలేదు. వచ్చినా బావుండేది. కాగితం విప్పి మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా చదువుకుంది, తను ఎక్కడో చూసుకోలేదేమో అని.

"డైరెక్టర్లకి రాస్తానమ్మా. మన తప్పని రాసిస్తే బీమావాళ్ళు ఆలస్యంగా వచ్చిన పేర్లు కూడా తీసుకోవచ్చు. ఇంతకుముందొకసారి తీసుకున్నారు. మాటివ్వలేను. రాయడం మాత్రం రాస్తాను" అంది అక్క.

లెక్క తీస్తే ఇరవై ముగ్గురిలో తొమ్మిదిమందే పేర్లు రాయించారు. మిగతా పద్నాలుగు మందిదీ ఇదే సంగతి. అక్క ఆ మధ్యాహ్నమే నాలుగో అంతస్తుకు కాగితం రాసింది. ఈసారి పైవాళ్ళ భాషలో, తూకం వేసినట్టు రాసింది. మొదటి వాక్యమే ఇది: "తమరు ఆమోదించిన నమోదు గడువును, కొత్త ఉద్యోగులకు పంపిన ప్రతిలో మా విభాగం తొలగించింది." రెండో వాక్యంలో పద్నాలుగు మంది. మూడో వాక్యంలో బీమా సంస్థకు కంపెనీ తన తప్పును తెలుపుతూ లేఖ ఇవ్వాలన్న విన్నపం. అంతే.

పైకి వెళ్ళే ప్రతి కాగితం నవ్వుల సారు సంతకంతో వెళ్ళాలి. ఆయన చదివాడు. మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు లేకపోవడం చూశాను.

"మా విభాగం తొలగించింది అని రాస్తే మన మెడకే కదా మేడం చుట్టుకునేది."

"మనమే తొలగించాం సార్."

"అలా కాదు. కొంచెం హుందాగా రాద్దాం."

ఆ హుందాతనం ఏమిటో మర్నాడు తెలిసింది. ఆయనే మార్చి పంపేశాడు. మొదటి వాక్యం ఇలా మారింది: "కొందరు నూతన ఉద్యోగులచే నమోదు గడువు గమనించబడలేదు." గమనించబడలేదట! లేని దాన్ని ఎలా గమనిస్తారు? తప్పు చేసిన వాళ్ళం మేం, తప్పు పడింది వాళ్ళ నెత్తిన. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం విన్నాను గానీ, దుత్త చేతనే క్షమాపణ చెప్పించడం ఎక్కడా వినలేదు.

ఆ ప్రతి చూసి ఉత్తరాలక్క గది తలుపు మూసింది. పన్నెండేళ్ళలో ఆమె అరవడం అదే మొదటిసారి. అరిచింది నా మీద, ఎందుకంటే గదిలో ఉన్నది నేనొక్కణ్ణే.

"ఏంటి తమ్ముడూ ఈ బతుకు? పైవాళ్ళ భాషలో ఎవరు చేశారో దాచేస్తాం. కిందివాళ్ళ భాషలో ఏం జరగబోతోందో దాచేస్తాం. మర్యాదా స్నేహమూ రెండూ నేర్చుకుంది ఇందుకేనా?"

తన ప్రతినే నేరుగా డైరెక్టర్ల కార్యదర్శికి పంపింది. మేనేజరు సంతకం లేని కాగితం కదా, అది అటునుంచి అటే నవ్వుల సారుకు తిరిగొచ్చింది. ఆయన దాన్ని సొరుగులో పెట్టేసి, మీరు బాగా అలిసిపోయినట్టున్నారు మేడం, నాలుగు రోజులు సెలవు తీసుకోండి అన్నాడు. ఆమె తీసుకోలేదు.

వారం తిరక్కుండా నాలుగో అంతస్తు జవాబు వచ్చింది. వాళ్ళు చదివిన కాగితాన్ని బట్టి వాళ్ళు సరిగ్గానే జవాబిచ్చారు. అందుకే నాకు వాళ్ళ మీద కూడా గట్టిగా కోపం తెచ్చుకునే వీల్లేకుండా పోయింది. "విన్నపాన్ని సానుభూతితో పరిశీలించడమైనది. ఉద్యోగులు గడువును పాటించనందున మినహాయింపు ఇవ్వడం సాధ్యపడదని తెలియజేయడమైనది." దాని పై మూలలో నవ్వుల సారు చేతిరాత: "మేడం, దీన్ని ఆ పద్నాలుగు మందికీ స్నేహంగా మార్చి పంపండి."

ఉత్తరాలక్క ఆ కాగితాన్ని ఆయన టేబుల్ మీద తిరిగి పెట్టింది.

"ఇందులో ఉన్నది ఒక్క మాట సార్. లేదు. దాన్ని ఇంకెలా మార్చను?"

"మనసు నొప్పించకుండా చెప్పొచ్చు కదా."

"నొప్పి ఉన్నప్పుడు నొప్పిస్తుంది. ఇవ్వట్లేదని రాస్తాను. మా పొరపాటని రాస్తాను. ఏ తేదీకి మళ్ళీ రాయించుకోవచ్చో రాస్తాను. అలా అయితే ఇప్పుడే రాస్తాను."

"పొరపాటు అనే మాట కాగితం మీద వద్దు. మీరు వదిలేయండి, నేనే చూసుకుంటా."

ఆయనే చూసుకున్నాడు. ఆయన రాసిన ఉత్తరం నా దగ్గరకు బొమ్మ కోసం వచ్చింది. బొమ్మ పెట్టనన్నాను. ఆ మాట ఒక నెల ముందు అని ఉంటే కొంత పనికొచ్చేది. బొమ్మ లేకుండానే పద్నాలుగు కాపీలు షెడ్డుకు వెళ్ళాయి.

మర్నాడు భోజనం వేళ ప్యాకింగ్ అమ్మాయి పరుగున మా గదికి వచ్చింది. మెట్లెక్కి వచ్చిన ఆయాసం, ముఖం నిండా వెలుగు.

"మేడం! మీరు రాసిన ఉత్తరం అందింది. చాలా థ్యాంక్స్ మేడం. అమ్మకి ఫోన్ చేసి చెప్పేశా. హాస్పిటల్లో తేదీ అడగమంటారా, ఇంకా ఏమైనా కాగితాలు కావాలా?"

అక్క చెయ్యి చాచి ఆ ఉత్తరం తీసుకుంది. నేను లేచి ఆమె భుజం మీదుగా చదివాను.

"మీ విన్నపం మా హృదయాల్ని తాకింది. మీ అమ్మగారి ఆరోగ్యం గురించి మా యాజమాన్యం ఎంతో ఆత్మీయంగా ఆలోచించింది. ప్రస్తుత ఏర్పాట్లలో మీతో కలిసి నడుస్తూ, రాబోయే నమోదు సమయంలో మీ కుటుంబాన్ని స్వాగతించడానికి ఎదురు చూస్తున్నాం. మీకు మేమున్నాం!"

మూడుసార్లు చదివాను. ఇవ్వడం లేదన్న మాట ఎక్కడా లేదు. ఆ అమ్మాయి స్థానంలో నేనున్నా మా అమ్మకు ఫోన్ చేసి ఉండేవాణ్ణి. మిగతా పదమూడు మందిలో ఇంకెంతమంది ఇళ్ళకు ఫోన్లు చేశారో.

"కూర్చోమ్మా" అంది అక్క.

అమ్మాయి కూర్చోలేదు. ఆ మాట అన్న తీరులోనే ఏదో తెలిసినట్టుంది.

"ఇది నేను రాయలేదమ్మా. ఇందులో ఏముందో చెబుతున్నా విను. ఇవ్వం అన్నారు. అమ్మ పేరు ఇప్పుడు ఎక్కదు. మళ్ళీ నమోదు పదకొండో నెల మొదటి తేదీన. ఇంకా తొమ్మిది నెలలుంది. ఈ కంపెనీలో ఉంటే ఆ రోజు పొద్దున్నే రా, నేను ఫారం పట్టుకుని కూర్చుంటా."

అమ్మాయి ఉత్తరం మళ్ళీ తీసుకుని చూసింది.

"మరి ఇందులో ఎక్కడ రాసుంది మేడం, ఇవ్వం అని?"

"ఎక్కడా లేదమ్మా."

ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆఖరికి అడిగింది, నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

"అమ్మకి పొద్దున ఫోన్లో చెప్పేశా మేడం, అయిపోయిందని. పక్కింటివాళ్ళందరికీ చెప్పుకుని ఉంటుంది ఈపాటికి. ఇప్పుడెలా చెప్పను? మీరు రాస్తారు కదా ఎవరికి చెప్పేది వాళ్ళకి సరిపోయేలా. అమ్మకి ఎలా చెప్పాలో ఒక కాగితం మీద రాసివ్వండి మేడం, అలాగే చెప్తా."

ఇరవై రెండేళ్ళుగా ఎవరికి కావలసిన మాట వాళ్ళకు రాసిపెట్టిన మనిషి ఆమె. ముందు తెల్ల కాగితం ఒకటి లాక్కుంది. పెన్ను తీసింది. ఒక్క అక్షరం కూడా పడలేదు. నేను పక్కకు తిరిగి ప్రింటరులో కాగితాలు సర్దుతున్నట్టు నటించాను. చాలాసేపయ్యాక కుర్చీ జరిగిన చప్పుడైంది.

"రాసిచ్చేది కాదమ్మా ఇది. పద, నేనొస్తా" అంది.

సెలవు చీటీ పెట్టకుండానే ఆ అమ్మాయితో వెళ్ళిపోయింది. సాయంత్రం నవ్వుల సారు వచ్చి మేడం ఏరీ అని అడిగాడు. మూడో అంతస్తుకి వెళ్ళారు అన్నాను. మన బిల్డింగులో మూడో అంతస్తు ఖాళీ కదా అని ఆయన అయోమయంగా పైకి చూశాడు.

మర్నాడు అక్క మామూలు వేళకే వచ్చింది. ఏం చెప్పారక్కా ఆవిడకి అని అడిగాను. ఉన్నది చెప్పాను అంది. ఆవిడేమన్నారు అంటే, మంచినీళ్ళు తాగమన్నారు, మూడంతస్తులు ఎక్కొచ్చావు కదా అన్నారు అంది. ఆ తర్వాత మిగతా పదమూడు మంది పేర్లూ తెల్ల కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరికీ నోటితో చెప్పడానికి షెడ్డులోకి దిగింది.